మూడు చోట్ల సంపాదన, ఒక్కటే పన్ను లెక్క

హైటెక్ సిటీలో ఫ్రీలాన్సింగ్ చేసే కుర్రాళ్లను పన్ను గురించి అడిగితే ఎక్కువగా వినిపించే జవాబు ఒకటే: "కంపెనీ వాళ్లు టీడీఎస్ కట్ చేస్తున్నారుగా!" ఉద్యోగికైతే ఆ ధీమా చాలావరకు చెల్లుతుంది. యజమాని ఏడాది జీతమంతా చూసి పన్ను కోస్తాడు. మూడు ప్లాట్‌ఫామ్‌ల నుంచి డబ్బు వచ్చేవారి సంగతి అలా కాదు. ఏ ప్లాట్‌ఫామ్‌కూ మిగతా రెండిటి సంగతి తెలియదు. మొత్తం లెక్క కట్టుకోవాల్సింది మీరే.

ఒక ఉదాహరణ తీసుకుందాం. మాదాపూర్‌లో ఉంటూ ఆన్‌లైన్‌లో కోడింగ్ పాఠాలు చెప్పే ఒకమ్మాయి ఉందనుకోండి. ఒక ఎడ్‌టెక్ కంపెనీ ఆమెకు ఏడాదికి 8 లక్షలు ఇస్తుంది. అందులో 10 శాతం, అంటే 80 వేలు టీడీఎస్ పోయి ఖాతాలో 7.20 లక్షలే పడతాయి. ఒక విదేశీ ప్లాట్‌ఫామ్ మీద 7 లక్షలు సంపాదిస్తే, దాని ఫీజు 70 వేలు పోగా 6.30 లక్షలు చేతికొస్తాయి. వారాంతపు క్లాసులకు యూపీఐలో వచ్చేది 3 లక్షలు. ఈ రెండు చోట్లా టీడీఎస్ లేదనుకుందాం.

చాలామంది బ్యాంకు స్టేట్‌మెంట్ చూసి 16.50 లక్షలు రాసుకుంటారు. తప్పు అక్కడే మొదలవుతుంది. పన్ను శాఖ పోర్టల్‌లో కనిపించే ఏఐఎస్‌లో ఎడ్‌టెక్ కంపెనీ పేరిట 8 లక్షలే ఉంటుంది. టీడీఎస్ ఖర్చు కాదు, ముందే కట్టిన పన్ను. ఫీజు మాత్రం ఖర్చే. కాబట్టి మొత్తం రాబడి 18 లక్షలు. (సేవలకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ పరిమితి 20 లక్షలు, దాని మీద కూడా ఓ కన్నేసి ఉంచాలి.)

ఈ 18 లక్షల్లోంచి ఫీజు 70 వేలు, కో-వర్కింగ్ సీటు అద్దె 96 వేలు, ఇంటర్నెట్, సాఫ్ట్‌వేర్లకు 34 వేలు తీసేద్దాం. ఏప్రిల్‌లో లక్ష పెట్టి కొన్న లాప్‌టాప్ మొత్తం ఒకే ఏడాది ఖర్చుగా చెల్లదు; తరుగుదల కింద 40 శాతం, అంటే 40 వేలు చూపాలి. మిగిలేది 15.60 లక్షలు. 2025-26 కొత్త విధానం రేట్ల ప్రకారం 4 నుంచి 8 లక్షల దాకా 20 వేలు, 8 నుంచి 12 దాకా 40 వేలు, ఆపైన 3.60 లక్షలకు 15 శాతం చొప్పున 54 వేలు. మొత్తం 1,14,000, దానిపై 4 శాతం సెస్ కలిపితే 1,18,560. ఉద్యోగులకిచ్చే 75 వేల స్టాండర్డ్ డిడక్షన్ ఈమెకు లేదు. టీడీఎస్ పోగా కట్టాల్సింది 38,560 రూపాయలు.

ఇలా మిగిలేది 10 వేలు లేదా అంతకు మించి ఉంటే ముందస్తు పన్ను కట్టాలి. జూన్ 15కి 15 శాతం, సెప్టెంబర్ 15కి 45, డిసెంబర్ 15కి 75, మార్చి 15కి మొత్తం. ఈమె విషయంలో వరుసగా 5,784, 11,568, 11,568, 9,640 రూపాయలు. ఆలస్యమైతే తగ్గిన మొత్తంపై నెలకు ఒక శాతం వడ్డీ పడుతుంది.

ఈ డబ్బు ఎక్కడినుంచి తీయాలి? టీడీఎస్ లేని రాబడి 10 లక్షలు. 38,560 అందులో నాలుగు శాతం లోపే. అందుకని ఆ రెండు చోట్ల నుంచి డబ్బు పడిన ప్రతిసారీ 5 శాతం వేరే ఖాతాలోకి మార్చేస్తే చాలు. కానీ ఈ 5 శాతం అంచనా వేసిన రాబడికే. డిసెంబర్‌లో అనుకోకుండా మరో 40 వేల పని వస్తే దాని మీద పడేది 5 శాతం కాదు, సెస్‌తో కలిపి 15.6 శాతం: 6,240 రూపాయలు. ఆదాయం 16 లక్షలు దాటితే ఆపై ప్రతి రూపాయికీ 20.8 శాతం. అదనపు పనికి అదనపు రేటుతో తీసిపెట్టాలి, తర్వాతి వాయిదాలో ఆ తేడా కలపాలి. మార్చిలో ఉలిక్కిపడేది ఎక్కువగా ఈ ఒక్కటి మరిచినవాళ్లే.

ఇదే 18 లక్షలు వెబ్ డెవలపర్ సంపాదిస్తే కథ మారిపోతుంది. ఐటీ వృత్తి 1961 చట్టంలోని 44ఏడీఏ జాబితాలో ఉంది. రాబడిలో సగాన్నే ఆదాయంగా చూపే వీలుంది. 9 లక్షలంటే 12 లక్షల రిబేటు పరిధి లోపలే, పన్ను సున్నా. టీడీఎస్ పోయిన సొమ్మంతా రిటర్న్ వేస్తే తిరిగొస్తుంది. ఒకవేళ పన్ను పడినా ఆ పద్ధతిలో ఉన్నవారు మార్చి 15కి ఒకేసారి కట్టొచ్చు. బోధన ఆ జాబితాలో లేదు. మీ పని ఏ గాటన పడుతుందో ఏప్రిల్‌లోనే ఒక సీఏను అడిగి తేల్చుకోండి. ఆ ఫీజు దండగ కాదు.

టీడీఎస్ కోసిన కంపెనీ దాన్ని మీ పాన్ మీద జమ చేసిందో లేదో పన్ను శాఖ పోర్టల్‌లో చూసుకోవాలి. జూన్‌ దాకా కోసిన సొమ్ము సాధారణంగా ఆగస్టుకల్లా కనిపిస్తుంది. కనిపించకపోతే అప్పుడే మెయిల్ పెట్టండి.

2026 ఏప్రిల్ 1 నుంచి 1961 చట్టం స్థానంలో కొత్త ఆదాయపు పన్ను చట్టం వచ్చింది. సెక్షన్ల నంబర్లు మారాయి, వాయిదా తేదీలు అవే. పోర్టల్‌లో e-Pay Tax ద్వారా కట్టేటప్పుడు Advance Tax ఎంచుకుని, ఏ సంవత్సరానికి కడుతున్నారో రెండుసార్లు చూసుకోండి. తప్పు సంవత్సరంలో పడిన చలానాను సరిచేయించుకోవడం డబ్బు కట్టడం కంటే పెద్ద పని.