183 డిగ్రీల దగ్గర రెండు లెక్కలు

మెటలర్జీ ల్యాబ్‌లో పిల్లల రికార్డులు ఏళ్ల తరబడి దిద్దాను. ఫేజ్ డయాగ్రమ్‌లో అంకెలు తప్పు వేసేవాళ్లు తక్కువ. సరైన అంకె వేసి, అది దేని లెక్కో చెప్పలేనివాళ్లే ఎక్కువ. అందుకే 60 పాళ్లు సీసం, 40 పాళ్లు తగరం ఉన్న సోల్డర్ ఒక్కటే తీసుకుని చెబుతాను.

1. ముందు నిలువు గీత గీయండి.

అడ్డంగా తగరం శాతం, నిలువుగా ఉష్ణోగ్రత ఉంటాయి. 40 దగ్గర పెన్సిల్‌తో నిలువు గీత గీసి, దాని వెంటే కిందికి దిగండి. సుమారు 238 డిగ్రీల దాకా అంతా ద్రవమే. అక్కడ లిక్విడస్ తగులుతుంది, తొలి గింజలు పుడతాయి. సీసం ఎక్కువగా ఉన్న ఈ ఘనాన్ని ఆల్ఫా అంటాం. 183 డిగ్రీల దాకా ద్రవమూ ఆల్ఫా కలిసే ఉంటాయి. వెనకటి ప్లంబర్లు సీసం పైపుల అతుకుల మీద సోల్డర్‌ను గుడ్డతో అద్ది నునుపు చేయగలిగింది ఈ ముద్దలాంటి దశ వల్లే.

2. ఏమున్నదో గీత కొసలు చెబుతాయి, ఎంతున్నదో చేతుల పొడవు చెబుతుంది.

183కి కాస్త పైన ఆగి అడ్డగీత గీయండి. ఎడమ కొస 18.3 దగ్గర ఆల్ఫాను, కుడి కొస 61.9 దగ్గర ద్రవాన్ని తాకుతుంది. అంటే ఆల్ఫాలో 18.3 శాతం, ద్రవంలో 61.9 శాతం తగరం ఉన్నాయి. సోల్డర్‌లో మొత్తం తగరం 40 శాతమే అయినా, 40 శాతం తగరంతో ఉన్న ఫేజ్ అందులో ఏదీ లేదు.

3. లివర్ రూల్ అంటే కావడే.

బరువు ఎక్కువున్న తట్ట భుజానికి దగ్గరగా ఉంటుంది. ఇక్కడ భుజం 40 దగ్గర ఉంది. ద్రవం వాటా కావాలంటే దానికి ఎదుటి చేతిని మొత్తం పొడవుతో భాగించాలి:

(40 − 18.3) / (61.9 − 18.3) = 21.7 / 43.6

అంటే సగానికి సగం. తన వైపు చేతినే తీసుకున్నా ఇక్కడ దాదాపు ఇదే జవాబు వస్తుంది కాబట్టి ఆ తప్పు బయటపడదు. తగరం 30 శాతమైతే ద్రవం 27 శాతమే, తప్పు చేతితో 73 వస్తుంది. 30 ఆల్ఫా కొసకే దగ్గర కనుక ఆల్ఫాయే ఎక్కువ ఉండాలి. అంకె రాసేముందు ఈ మాట ఒకసారి సరిచూసుకోండి.

4. 183కి కింద లెక్క మళ్లీ మొదలుపెట్టండి.

మిగిలిన సగం ద్రవం 183 దగ్గరే, ఉష్ణోగ్రత మారకుండా గడ్డకడుతుంది. ఆల్ఫా, తగరం ఎక్కువున్న బీటా పక్కపక్కనే పలచని పొరలుగా పెరుగుతాయి. అదే యుటెక్టిక్. ఇప్పుడు కుడి కొస 97.8కి జరిగింది:

(97.8 − 40) / (97.8 − 18.3) = 57.8 / 79.5

ఆల్ఫా సుమారు 73 శాతం. ఇందులో 50 ముందే పుట్టిన గింజలు, తక్కిన 23 యుటెక్టిక్ పొరల్లోది. గింజలెన్ని అని అడిగితే 183కి పైన కట్టిన లెక్క, మొత్తం ఆల్ఫా ఎంత అని అడిగితే కింద కట్టిన లెక్క. రికార్డుల్లో మార్కులు పోయేది ఎక్కువగా ఇక్కడే.

5. మైక్రోస్కోప్‌లో కనిపించేది బరువు కాదు.

పాలిష్ చేసి ఎచ్ చేసిన ముక్కలో నల్లటి ఆల్ఫా గింజలు, వాటి మధ్య నలుపు తెలుపు చారల యుటెక్టిక్ కనిపిస్తాయి. గింజలు ఆక్రమించిన స్థలాన్ని కొలిస్తే 50 కాదు, సుమారు 45 శాతమే వస్తుంది. తగరం కంటే సీసం సాంద్రత చాలా ఎక్కువ కాబట్టి అదే బరువుకు అది తక్కువ చోటు తీసుకుంటుంది. లివర్ రూల్ ఇచ్చేది బరువు వాటా, కంటికి కనిపించేది ఘనపరిమాణం వాటా. తేడా వస్తే డయాగ్రమ్‌ను అనుమానించే ముందు సాంద్రతలతో మార్చి చూడండి.

6. డయాగ్రమ్‌కు తొందర లేదు, అచ్చుకు ఉంటుంది.

15 శాతం తగరమున్న మిశ్రమలోహంలో యుటెక్టిక్ రాకూడదు, ఎందుకంటే ఆల్ఫా 18.3 దాకా తగరాన్ని తనలో ఇముడ్చుకోగలదు. అయినా పోత ముక్కలో గింజల సందుల్లో అది కనిపిస్తుంది. త్వరగా చల్లారితే గింజ లోపలి భాగం సీసం ఎక్కువగానే ఉండిపోతుంది, ఘనంలో పరమాణువులు సర్దుకునే వ్యవధి దొరకదు. మిగులు తగరమంతా చేరడంతో చివరి ద్రవం 61.9కి చేరుకుంటుంది. అలాంటి ముక్కను మళ్లీ వేడి చేస్తే సాలిడస్ చూపే ఉష్ణోగ్రతకు చాలా ముందే, 183 దగ్గరే, ఆ సందులు కరగడం మొదలవుతుంది.