కొత్త ఐఫోన్‌లోకి వాట్సాప్ చాట్‌లు: నేరుగా మార్చుకోవాలా, ఐక్లౌడ్ నుంచి దించుకోవాలా?



తరగతి గ్రూపులో టీచర్ పెట్టిన హోంవర్క్ ఫొటో, ఫీజు రసీదు పీడీఎఫ్, స్కూల్ బస్సు డ్రైవర్ పంపిన లొకేషన్, నానమ్మ వాయిస్ మెసేజ్‌లు... ఇవన్నీ ఇప్పుడు వాట్సాప్‌లోనే ఉంటున్నాయి. పాత ఐఫోన్ తీసేసి కొత్త ఐఫోన్ కొనుక్కున్నప్పుడు వీటిని వెంట తెచ్చుకోవడానికి రెండు దారులున్నాయి. ఒకటి, రెండు ఫోన్లనూ పక్కపక్కన పెట్టి నేరుగా మార్చుకోవడం. రెండోది, ఐక్లౌడ్‌లో దాచిన బ్యాకప్ నుంచి దించుకోవడం. ఏది ఎప్పుడు పనికొస్తుందో ఈ నెల చూద్దాం.

ముందుగా ఒక విషయం తెలుసుకోవాలి. మన పాత చాట్‌లు వాట్సాప్ సర్వర్లలో ఉండవు. మెసేజ్ మనకు చేరగానే సర్వర్ నుంచి తొలగిపోతుంది, ఆ తర్వాత అది మన ఫోన్‌లోనే ఉంటుంది. అందుకే కొత్త ఫోన్‌లో అదే నంబరుతో వాట్సాప్ తెరిస్తే గ్రూపుల పేర్లు కనిపిస్తాయి కానీ పాత మెసేజ్‌లు కనిపించవు. వాటిని మనమే మోసుకెళ్లాలి.

నేరుగా మార్చుకోవడం

ఇందులో రెండు పద్ధతులున్నాయి. మొదటిది ఫోన్ మొత్తాన్ని మార్చేది. కొత్త ఐఫోన్‌ను మొదటిసారి ఆన్ చేసినప్పుడు, బ్లూటూత్ ఆన్‌లో ఉన్న పాత ఐఫోన్‌ను దాని పక్కన పెట్టండి. పాత ఫోన్‌లో iOS 12.4 గానీ అంతకంటే కొత్తది గానీ ఉండాలి. కొత్త ఫోన్ మీద కదిలే బొమ్మ ఒకటి వస్తుంది. దాన్ని పాత ఫోన్ కెమెరాతో చూపించి, పాత ఫోన్ పాస్‌కోడ్‌ను కొత్త ఫోన్‌లో కొట్టాలి. కాసేపటికి డేటా ఎక్కడి నుంచి తేవాలని అడుగుతుంది. అప్పుడు ఐక్లౌడ్ కాకుండా పాత ఐఫోన్ నుంచి నేరుగా తెచ్చే ఎంపికను నొక్కండి.

మార్పిడి జరుగుతున్నంతసేపూ రెండు ఫోన్లనూ ఛార్జర్‌కు పెట్టి, దగ్గర దగ్గరగా ఉంచాలి. ఆ సమయంలో రెండింటిలో ఏదీ వాడటానికి కుదరదు. ఎంతసేపు పడుతుందో అంచనా స్క్రీన్ మీదే కనిపిస్తుంది. పూర్తయ్యాక కూడా వాట్సాప్ వంటి యాప్‌లు యాప్ స్టోర్ నుంచి మళ్లీ డౌన్‌లోడ్ అవుతాయి. వాట్సాప్ గుర్తు మసకగా ఉన్నంతవరకు ఆగి, పూర్తిగా దిగాక తెరిచి, నంబరు ధ్రువీకరించుకోండి.

ఈ అవకాశం కొత్త ఫోన్ సెటప్ సమయంలోనే వస్తుంది. షాపులోనే సెటప్ ముగించి ఇంటికి తెచ్చుకుంటే, కొత్త ఫోన్‌ను మొత్తం చెరిపి మొదటి నుంచి మొదలుపెట్టాలి. అంత శ్రమ వద్దనుకునేవారికి రెండో పద్ధతి ఉంది. ఇది చాట్‌లను మాత్రమే మారుస్తుంది. పాత ఫోన్ వాట్సాప్‌లో `Settings > Chats > Transfer Chats to iPhone` తెరిచి `Start` నొక్కండి. కొత్త ఫోన్‌లో వాట్సాప్ వేసి, అదే నంబరు ధ్రువీకరించి, చాట్ హిస్టరీ మార్చుకోవాలా అని అడిగినప్పుడు `Continue` నొక్కండి. కొత్త ఫోన్‌లో వచ్చే క్యూఆర్ కోడ్‌ను పాత ఫోన్‌తో స్కాన్ చేస్తే చాట్‌లు, ఫొటోలు, వీడియోలు ఒక ఫోన్ నుంచి మరో ఫోన్‌కు వెళతాయి. రెండు ఫోన్లలోనూ వైఫై ఆన్‌లో ఉండాలి, అడిగిన అనుమతులు ఇవ్వాలి. ఐక్లౌడ్‌లో జాగా అక్కర్లేదు.

ఐక్లౌడ్ నుంచి దించుకోవడం

ఇక్కడే చాలామంది తికమక పడతారు. ఐక్లౌడ్‌లో బ్యాకప్‌లు రెండు రకాలు. ఫోన్ మొత్తానికి ఆపిల్ తీసేది ఒకటి, వాట్సాప్ తన చాట్‌లకు విడిగా తీసుకునేది మరొకటి. ‘నా ఫోన్ రోజూ బ్యాకప్ అవుతోంది కదా’ అని మనం అనుకుంటాం కానీ వాట్సాప్ బ్యాకప్ ఎన్నడూ ఆన్ చేసి ఉండకపోవచ్చు. పాత ఫోన్ వాట్సాప్‌లో `Settings > Chats > Chat Backup` తెరిచి చూడండి. చివరిగా బ్యాకప్ ఎప్పుడు జరిగిందో, దాని సైజు ఎంతో అక్కడే ఉంటుంది. తేదీ నెలల కిందటిదైతే ఆ తర్వాతి చాట్‌లు అందులో లేనట్టే.

అదే పేజీలో `Back Up Now` నొక్కితే తాజా బ్యాకప్ మొదలవుతుంది. `Include Videos` ఆఫ్‌లో ఉంటే వీడియోలు అందులో చేరవు. వార్షికోత్సవంలో పాప డ్యాన్స్ వీడియో వాట్సాప్‌లో మాత్రమే ఉంటే దాన్ని ఆన్ చేయాలి, లేదా ఆ వీడియోను విడిగా ఫొటోల్లోకి సేవ్ చేసుకోవాలి.

కొత్త ఫోన్‌లో ఈ బ్యాకప్ కనిపించాలంటే అదే ఆపిల్ అకౌంట్, అదే ఫోన్ నంబరు ఉండాలి. ఐక్లౌడ్ డ్రైవ్ ఆన్‌లో ఉండాలి. అమ్మ పాత ఫోన్ నాన్న ఆపిల్ అకౌంట్‌తో నడిచి, కొత్తదాన్ని అమ్మ పేరుతో కొత్త అకౌంట్‌లో తెరిస్తే బ్యాకప్ దొరకదు. ఎన్‌క్రిప్టెడ్ బ్యాకప్ ఆన్ చేసి పాస్‌వర్డ్ పెట్టుకున్నవారు, పాత ఫోన్ చేతిలో ఉండగానే ఆ పాస్‌వర్డ్ గుర్తుందో లేదో చూసుకోవాలి. అది మరిచిపోతే ఆ బ్యాకప్‌ను వాట్సాప్ వాళ్లు కూడా తెరవలేరు.

ఒక ఇంటి లెక్క

ఒక ఉదాహరణ తీసుకుందాం. పాత ఫోన్‌లో వాట్సాప్ 14 జీబీ ఉంది. ఈ లెక్క `Settings > Storage and Data > Manage Storage`లో కనిపిస్తుంది. అందులో వీడియోలు 8 జీబీ, మిగిలినవి 6 జీబీ అనుకుందాం.

ఐక్లౌడ్ దారిలో వెళితే, వీడియోలు వదిలేసినా బ్యాకప్ 6 జీబీ అవుతుంది. బ్యాకప్ సైజుకు కనీసం 2.05 రెట్లు ఖాళీ జాగా ఐక్లౌడ్‌లోనూ, ఫోన్‌లోనూ ఉండాలని వాట్సాప్ చెబుతుంది. అంటే 6 × 2.05 = 12.3 జీబీ. ఐక్లౌడ్‌లో ఉచితంగా ఇచ్చేది 5 జీబీ మాత్రమే, అందులోనూ ఫొటోలు కొంత నింపేసి ఉంటాయి. కాబట్టి ఒక నెలకైనా 50 జీబీ ప్లాన్ తీసుకోవాలి. ఇంటి బ్రాడ్‌బ్యాండ్ అప్‌లోడ్ వేగం 20 ఎంబీపీఎస్ అయితే 6 జీబీ ఎక్కడానికి తక్కువలో తక్కువ 40 నిమిషాలు. కొత్త ఫోన్‌లో దించుకోవడానికి మళ్లీ సమయం కావాలి.

అదే నేరుగా మార్చుకుంటే 14 జీబీ మొత్తం వీడియోలతో సహా వస్తుంది. ఐక్లౌడ్ ప్లాన్ ఖర్చు లేదు. చాట్‌లు ఇంటర్నెట్ మీదుగా తిరిగి రావు కాబట్టి బ్రాడ్‌బ్యాండ్ వేగంతో పనిలేదు.

జాగా కంటే ముఖ్యమైన తేడా మరొకటుంది. బ్యాకప్ అనేది అది తీసిన క్షణం వరకే. తెల్లవారుజామున 2 గంటలకు బ్యాకప్ జరిగి, సాయంత్రం 6 గంటలకు ఫోన్ మారిస్తే, మధ్యలో వచ్చిన పరీక్షల టైమ్‌టేబుల్ కొత్త ఫోన్‌లో ఉండదు. నేరుగా మార్చినప్పుడు ఆ క్షణం వరకు ఉన్నవన్నీ వస్తాయి. అయితే ఫోన్ మొత్తం మార్చాక కొత్త దానిలో వాట్సాప్ తెరవకుండా రాత్రంతా వదిలేస్తే, ఆలోపు వచ్చే మెసేజ్‌లు పాత ఫోన్‌లోకే చేరతాయి. కాబట్టి మార్పిడి అవగానే నంబరు ధ్రువీకరణ కూడా ముగించండి.

ఎక్స్ఛేంజ్‌లో కొంటున్నారా?

రెండు ఫోన్లూ చేతిలో ఉంటే నేరుగా మార్చుకోవడమే మేలు. కానీ ఆన్‌లైన్‌లో ఎక్స్ఛేంజ్ మీద కొన్నప్పుడు కొత్త ఫోన్ తెచ్చిన మనిషే గుమ్మంలో పాత ఫోన్ తీసుకెళతాడు. అతను వేచి ఉండగా గంటసేపు మార్పిడి చేయడం కుదరదు. పైగా ఇచ్చేముందు పాత ఫోన్‌ను చెరపాలి. అలాంటప్పుడు ఐక్లౌడే దారి.

ముందు రోజు రాత్రే ఐక్లౌడ్ జాగా చూసుకుని బ్యాకప్ తీయండి. డెలివరీ రోజు ఉదయం మళ్లీ `Back Up Now` నొక్కండి. చివరి బ్యాకప్ తేదీ, సమయం మారాయని కళ్లారా చూశాకే ఫోన్ చెరపండి. ఫోన్ మొత్తం బ్యాకప్‌కు జాగా చాలకపోతే `Settings > General > Transfer or Reset iPhone`లో `Get Started` నొక్కండి. కొత్త ఫోన్‌కు మారేవారికి ఆపిల్ తాత్కాలికంగా ఉచిత జాగా ఇస్తుంది, ఆ బ్యాకప్ 21 రోజులు ఉంటుంది. ఇది ఫోన్ బ్యాకప్ కోసం. దీన్ని నమ్ముకుని వాట్సాప్ బ్యాకప్‌ను వదిలేయకండి.

చాట్‌లు ఖాళీగా కనిపిస్తే

కొత్త ఫోన్‌లో నంబరు ధ్రువీకరించగానే వాట్సాప్ బ్యాకప్‌ను చూపి, దించుకోమంటారా అని అడుగుతుంది. తొందరలో దాన్ని దాటవేయడమే ఎక్కువగా జరిగే పొరపాటు. ఆ ప్రశ్న నంబరు నమోదు సమయంలోనే వస్తుంది. దాటేశాక మళ్లీ రావాలంటే వాట్సాప్‌ను తీసేసి, తిరిగి వేసుకోవాలి. అలా చేసేలోపు కొత్త ఫోన్‌లో బ్యాకప్ తీయకండి, ఆటో బ్యాకప్ ఉంటే ఆపేయండి. లేదంటే ఖాళీ చాట్‌ల బ్యాకప్ వెళ్లి పాతదాని స్థానంలో కూర్చుంటుంది.

పాత ఫోన్ ఇంకా చెరపకపోతే కంగారు అక్కర్లేదు. కొత్త ఫోన్‌లో నమోదు కాగానే పాత దానిలో వాట్సాప్ లాగౌట్ అవుతుంది కానీ చాట్‌లు అందులోనే ఉంటాయి. అదే నంబరుతో పాత ఫోన్‌లో మళ్లీ నమోదై, మార్పిడిని మొదటి నుంచి చేయవచ్చు. కోడ్ పదే పదే అడిగితే వాట్సాప్ కొంతసేపు ఆగమంటుంది కాబట్టి నిదానంగా చేయండి.

ఐక్లౌడ్ నుంచి దించుకున్నప్పుడు ముందు మెసేజ్‌లు వస్తాయి, ఫొటోలు వెనక నెమ్మదిగా దిగుతాయి. మసకగా కనిపించే ఫొటోలను చూసి పోయాయనుకోకండి. వైఫైలో ఉంచి కాసేపు వేచి చూడండి. అంతా వచ్చిందో లేదో తేల్చుకోవడానికి మూడు చోట్ల చూస్తే చాలు: తరగతి గ్రూపులో అన్నిటికంటే పాత మెసేజ్, నిరుటి ఫీజు రసీదు తెరుచుకుంటుందా లేదా, `Manage Storage`లో సైజు పాత ఫోన్‌కు దగ్గరగా ఉందా లేదా. వీడియోలు వదిలేసి ఉంటే ఆ మేరకు సైజు తగ్గుతుంది.

ఈ మూడూ సరిపోయాకే పాత ఫోన్‌ను చెరిపి పిల్లలకు ఇవ్వడమో, అమ్మడమో చేయండి. వీలైతే ఒక వారం అలాగే ఉంచండి. ఏదైనా రసీదు కనిపించలేదని ఆ వారంలోనే తెలిస్తే, వెతకడానికి పాత ఫోన్ ఇంట్లోనే ఉంటుంది.