నైటీల యూనిట్‌కు సీసీ లిమిట్: బ్యాంకుకు కవరింగ్ లెటర్ రాసే పద్ధతి

లోన్ ఫైల్లో బ్యాలెన్స్ షీట్లు, జీఎస్టీ రిటర్నులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు కలిసి వంద పేజీలు దాటుతాయి. వాటన్నిటి పైన ఉండే కవరింగ్ లెటర్ ఒక్క పేజీయే. అడిగే మొత్తం ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆ పేజీలో తేలిపోతే మేనేజర్ మిగతా కాగితాలను దాని ప్రకారం సరిచూసుకుంటాడు. తేలకపోతే ఆ కాగితాల్లో తప్పులు వెతకడం మొదలుపెడతాడు. అందుకే ముందు లెక్క వేసుకుని, తర్వాత లెటర్ మొదలుపెట్టాలి.

తెనాలిలో పన్నెండు మిషన్ల నైటీల యూనిట్ ఒకటుందనుకుందాం. యజమాని ఒక మహిళ. బట్ట జేత్‌పూర్ నుంచి వస్తుంది, సరుకు ఎక్కువగా విజయవాడ వస్త్రలత హోల్‌సేల్ షాపులకు వెళ్తుంది. నిరుటి అమ్మకాలు 60 లక్షలు. ఈ ఏడాది రెండు కొత్త షాపుల ఆర్డర్లు కలిపి 72 లక్షలవుతాయని అంచనా.

మొదటి పని, బట్ట కొన్న రూపాయి తిరిగి చేతికి రావడానికి ఎన్ని రోజులు పడుతుందో చూడటం. బేళ్లు వచ్చాక బట్ట సగటున 25 రోజులు గోడౌన్‌లో ఉంటుంది. కటింగ్, కుట్టు, ఇస్త్రీ, ప్యాకింగ్‌కు 15 రోజులు. తయారైన సరుకు లారీ ఎక్కేదాకా 10 రోజులు. షాపు డబ్బులిచ్చేసరికి 50 రోజులు. మొత్తం 100. బట్ట ఏజెంటుకు 10 రోజుల్లో కట్టేస్తానంటే, ఆ పది రోజులు తీసేయగా 90 మిగులుతాయి. అంటే ఏడాది అమ్మకాల్లో నాలుగో వంతు, 18 లక్షలు, ఎప్పుడూ వ్యాపారంలో తిరుగుతూ ఉండాలి.

చిన్న పరిశ్రమలకు బ్యాంకులు వాడే నాయక్ కమిటీ లెక్క కూడా దాదాపు ఇదే. అంచనా అమ్మకాల్లో 25 శాతం వర్కింగ్ క్యాపిటల్ అవసరమని తీసుకుని, అమ్మకాల్లో 20 శాతం బ్యాంకు, 5 శాతం యజమాని పెట్టాలంటుంది. ఇక్కడ బ్యాంకు వాటా 14.40 లక్షలు, సొంత మార్జిన్ 3.60 లక్షలు. ఆవిడ 14 లక్షలు అడిగి 4 లక్షలు తానే పెడతానంటే లెక్క సరిపోయింది. మీ సైకిల్ 90 రోజులు కాక 130 అయితే ఈ అడ్డలెక్క మీకు చాలదు, ఆ సంగతి లెటర్లోనే చెప్పి విడిగా లెక్క జతచేయాలి.

ఇక రాయడం. సబ్జెక్ట్ లైన్లోనే లోన్ రకం, మొత్తం, ప్రయోజనం మూడూ రావాలి: ‘విషయం: నైటీల తయారీ యూనిట్‌కు రూ. 14 లక్షల క్యాష్ క్రెడిట్ లిమిట్ కోసం దరఖాస్తు.’ ‘వ్యాపారానికి లోన్ ఇప్పించ ప్రార్థన’ అని రాస్తే అది టర్మ్ లోనో, సీసీయో అవతలివాళ్లు ఊహించుకోవాలి. కొత్త మిషన్లు కూడా కొనాలనుకుంటే దానికి టర్మ్ లోన్ విడిగా అడగండి. సీసీ డబ్బు తీసి మిషన్ కొంటే ఆ సొమ్ము అందులో ఇరుక్కుపోయి, వచ్చే నెల బట్ట కొనడానికి ఉండదు.

మొదటి పేరాలో పరిచయం రెండు వాక్యాలు చాలు. ఎన్నేళ్లుగా చేస్తున్నారు, ఎన్ని మిషన్లు, ఉద్యం నంబరు, జీఎస్టీ నంబరు. తాతల నాటి చరిత్ర అక్కర్లేదు. తర్వాత డబ్బు ఎందుకో చెప్పాలి, అదీ లెక్కతో. ఈవిడ రాసేది ఇలా ఉండొచ్చు:

‘ప్రస్తుతం బట్టను ఏజెంటు వద్ద 60 రోజుల అరువుపై కొంటున్నాము. 10 రోజుల్లో చెల్లిస్తే మీటరుకు రూ. 2 తగ్గిస్తారు. ఏడాదికి 36,000 నైటీలకు సుమారు 1,08,000 మీటర్ల బట్ట అవసరం. దీనిపై రూ. 2.16 లక్షలు ఆదా అవుతుంది.’

పద్నాలుగు లక్షలూ ఏడాది పొడుగునా వాడుకున్నా, 11 శాతం చొప్పున వడ్డీ లక్షా యాభై నాలుగు వేలు. వడ్డీ ఎక్కణ్ణుంచి కడతారన్న ప్రశ్నకు జవాబు అక్కడే దొరికింది. ఏజెంటు కొటేషన్ రెండు రేట్లతోనూ తెచ్చి జతచేస్తే ఇంకెవరూ అడగరు.

అసలు చిక్కు వచ్చేది అమ్మకాల అంకె దగ్గర. జీఎస్టీ రిటర్నుల్లో 60 లక్షలుంటుంది, కరెంటు అకౌంట్లో జమ చూస్తే 41 లక్షలే ఉంటుంది. మిగతాది ఏమైంది? కొంత నగదు, కొంత భర్త ఫోన్‌పేకి వచ్చింది. మన చిన్న యూనిట్లలో ఇది చాలా మామూలు విషయం. కానీ ఫైలు చూసే ఆఫీసరుకు కనిపించేది 19 లక్షల తేడా ఒక్కటే. అతను పట్టుకునేదాకా ఆగకుండా లెటర్లో ఒక వాక్యం రాయాలి: ‘రూ. 12 లక్షలు నా భర్త సేవింగ్స్ ఖాతాకు, రూ. 7 లక్షలు నగదుగా వచ్చాయి. ఆ ఖాతా స్టేట్‌మెంటు, క్యాష్ బుక్ జతచేశాము. ఇకపై అన్ని వసూళ్లూ కరెంటు ఖాతాకే వస్తాయి.’ పాత బంగారం లోనో, చెక్ బౌన్సో ఉంటే అదీ అంతే. సిబిల్ రిపోర్టులోనో, బ్యాంకు స్టేట్‌మెంటులోనో ఎలాగూ కనిపిస్తుంది. మీరే ముందు చెబితే అది వివరం, వాళ్లు కనిపెడితే దాచినట్టు.

ఆ తర్వాత సెక్యూరిటీ. సీసీకి ప్రధాన హామీ స్టాకు, రావాల్సిన బాకీలే; వాటిని హైపోథికేట్ చేస్తామని రాయాలి. తాకట్టుకు ఇల్లు లేకపోతే సీజీటీఎంఎస్ఈ గ్యారంటీ కింద పరిశీలించమని పేరు పెట్టి అడగాలి. దానికి ఏటా ఫీజు ఉంటుంది, అది భరిస్తామని కూడా రాయండి. నెలనెలా స్టాక్ స్టేట్‌మెంటు ఇస్తామన్న మాట రాసేముందు దాని అర్థం తెలిసి ఉండాలి. లిమిట్ 14 లక్షలున్నా తీసుకోగలిగేది ఆ స్టేట్‌మెంటు ప్రకారం వచ్చే డ్రాయింగ్ పవర్ మేరకే. అప్పు తెచ్చిన బట్టను స్టాకులోంచి తీసేస్తారు. 90 రోజులు దాటిన బాకీలను సాధారణంగా లెక్కలోకి తీసుకోరు. పది లక్షల బాకీల్లో రెండు లక్షలు పాతవైతే ఎనిమిదిపైనే మార్జిన్ తీసి లెక్కిస్తారు. జాబ్ వర్క్ కోసం ఎవరో ఇచ్చిన బట్ట మీ షెడ్డులో ఉన్నా అది మీ స్టాకు కాదు, రాయకండి.

చివర జతపరచిన కాగితాల జాబితా వరుస నంబర్లతో ఇచ్చి, అవే నంబర్లు కాగితాల మీద పెన్సిల్‌తో వేయాలి. లెటర్ తెలుగులో రాస్తే తప్పేం లేదు. కాకపోతే మంజూరు ఫైలు తరచూ మరో ఊళ్లోని ప్రాసెసింగ్ సెంటర్‌కు వెళ్తుంది, అక్కడి ఆఫీసరుకు తెలుగు రాకపోవచ్చు. ఇంగ్లిష్ ప్రతి కూడా పెట్టడం మేలు.

రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకదాని మీద తేదీతో బ్రాంచి ముద్ర వేయించుకోండి. 25 లక్షల లోపు చిన్న పరిశ్రమల దరఖాస్తులపై 14 పనిదినాల్లో నిర్ణయం చెప్పాలని రిజర్వ్ బ్యాంకు నిబంధన. కాగితాలు ఆ తేదీన ఇచ్చినట్టు రుజువు ఆ ముద్రే. ఆ రోజుల్లో ఎప్పుడైనా ఆఫీసరు చెప్పకుండా యూనిట్‌కు రావచ్చు. వచ్చి ముందు చూసేది మిషన్లు పన్నెండున్నాయా, గోడౌన్‌లో 25 రోజులకు సరిపడా బట్ట ఉందా అనే.