కువైట్ సొమ్ము: ఫీజు లేకపోతే లాభమేనా?

ప్రశ్న: మా అక్క కువైట్ నుంచి డబ్బు పంపుతుంది. ఫీజు లేని చోట పంపాలా, దినారున్నర ఫీజు తీసుకునే చోటా?
– పాఠకురాలు, కొల్లేటికోట

జవాబు: ఫీజు ఒక్కటే చూడకండమ్మా. ఫీజు వద్దన్నవాళ్లు చాలాసార్లు ఆ సొమ్మును మారకం రేటులోనే రాబట్టుకుంటారు. ఒకే రోజు రెండు చోట్లా మీ అక్కను ఇలా అడగమనండి: "ఫీజుతో కలిపి 100 దినార్లు ఇస్తే ఇంటికి ఎన్ని రూపాయలు చేరతాయి?"

లెక్క కోసం ఫీజు లేనిచోట దినారుకు 271 రూపాయలు, ఫీజు ఉన్నచోట 277 అనుకుందాం. మొదటి దారిలో 27,100 వస్తాయి. రెండోదాంట్లో ఫీజు పోగా మిగిలిన 98.5 దినార్లకు 27,284. ఫీజు కట్టినా 184 రూపాయలు ఎక్కువే. అదే 25 దినార్లయితే లెక్క తిరగబడుతుంది: ఫీజు లేనిచోట 6,775, ఉన్నచోట 6,509. ఫీజు మారదు కాబట్టి చిన్న మొత్తంపై దాని భారం ఎక్కువ. ఇంట్లో తొందర లేకపోతే రెండు విడతలు కలిపి పంపడం మేలు.

కైకలూరులో నగదుగా తీసుకోవాలంటే ఒక్కో బదిలీకి 50,000 రూపాయలే పరిమితి. అంతకు మించితే ఖాతాలో వేయించుకోవాలి. ఇంకా ఎక్కువ రేటు ఇస్తామంటూ ఇంటికే తెచ్చిచ్చే హవాలా జోలికి మాత్రం వెళ్లొద్దు. అది చట్టవిరుద్ధం, పైగా డబ్బు రాకపోతే నిలదీయడానికి చేతిలో రసీదు కూడా ఉండదు.