కొత్త బ్యాచ్ కార్డులు బయటికి పంపేముందు: చేయవలసినవి, చేయకూడనివి

ఒకప్పుడు అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల గోడల నిండా అంటించిన కాగితాలు చేసిన పనిని ఇవాళ ఇన్‌స్టాగ్రామ్‌లో వేలితో పక్కకు జరుపుతూ చూసే అయిదారు కార్డులు చేస్తున్నాయి. మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి వైపు సాఫ్ట్‌వేర్ కోర్సులు చెప్పే చిన్న సెంటర్లకు ఇప్పుడు కొత్త బ్యాచ్ ప్రకటన అంటే ఇవే. మొదటి కార్డు మీద కోర్సు పేరు, రెండో దాని మీద టైమింగ్స్, ఆ తర్వాత ఫీజు, చివర్లో చేరే విధానం.

గోడ కాగితం మీద అన్నీ ఒకేచోట కనబడేవి. కార్డులు అలా కలిసి ఉండవు. ఎవరో ఫీజు కార్డు ఒక్కటే స్క్రీన్‌షాట్ తీసి హాస్టల్ వాట్సాప్ గ్రూపులో పెడతారు. షరతులు రాసిన కార్డు ఇన్‌స్టాగ్రామ్‌లోనే ఉండిపోతుంది. మూడు నెలల తర్వాత అదే ఫీజు కార్డు నల్గొండలోనో శ్రీకాకుళంలోనో ఉన్న ఫ్రెషర్ ఫోన్‌కి చేరుతుంది. దాన్ని నమ్మి డబ్బు పంపే పిల్లవాడికి మీరెవరో తెలియదు, మీ సెంటర్ ఎక్కడుందో కూడా తెలియదు. అందుకే సెంటర్ నడిపేవారికీ వారి కార్డులు తయారుచేసేవారికీ నేను మొదట చెప్పేది ఇదే: ఏ కార్డు ఒంటరిగా దొరికినా, చదివినవారు నష్టపోకుండా ఉండాలి.

టైమింగ్స్ కార్డు

తేదీని సంవత్సరంతో, వారంతో కలిపి రాయండి. "వచ్చే శనివారం నుంచి" అని రాస్తే ఆ కార్డు ఏడాది పొడవునా ప్రతి వారమూ నిజమే అనిపిస్తుంది. ఉదాహరణకు ఒక వీకెండ్ బ్యాచ్ తీసుకుందాం. "2026 మార్చి 7, శనివారం మొదలు, ఏప్రిల్ 26, ఆదివారం ముగింపు. ప్రతి శని, ఆదివారాలు ఉదయం 7 నుంచి 10 వరకు. మొత్తం 16 క్లాసులు." ఈ నాలుగు ముక్కల్లో ఎవరూ సాగదీయడానికి వీల్లేదు. క్లాసుల సంఖ్య తప్పకుండా ఉండాలి. ఎందుకో ఫీజు దగ్గర చెబుతాను.

చిరునామాలో ఏరియా, లైన్, అంతస్తు రాయండి. గది కొండాపూర్ లోపలి సందులో ఉంటే "హైటెక్ సిటీ" అని వేయకండి. సైబర్ టవర్స్ ఫొటో పెట్టి, క్లాసు మాత్రం అయ్యప్ప సొసైటీలో నాలుగో అంతస్తులో చెప్పడమూ వద్దు. రాత్రి తొమ్మిదిన్నరకు ముగిసే బ్యాచ్‌లో చేరబోయే అమ్మాయి మెట్రో స్టేషన్ నుంచి ఎంత దూరం నడవాలో, తిరుగు ప్రయాణం ఎలాగో లెక్క వేసుకునేది ఆ చిరునామా చూసే.

"ఇంకా 5 సీట్లే" అన్న మాట నిజంగా అయిదే ఉంటే తప్ప వద్దు. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 నవంబరు 13న కోచింగ్ రంగంలో తప్పుదోవ పట్టించే ప్రకటనలపై మార్గదర్శకాలు ఇచ్చింది. లేని తొందరను, లేని కొరతను సృష్టించడాన్ని అవి స్పష్టంగా తప్పుపట్టాయి. యాభై మందికి పైగా విద్యార్థులున్న కోచింగ్ సెంటర్లకు అవి వర్తిస్తాయి. అంతకన్నా చిన్నదే అయినా, తప్పుదోవ పట్టించే ప్రకటనను 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఎవరికీ అనుమతించదు.

ఫీజు కార్డు

"ఫీజు వివరాలకు డీఎం చేయండి" అని మాత్రం రాయకండి. కొందరు దీన్ని వ్యాపార నేర్పు అనుకుంటారు. అడిగినవాడు చేరతాడు కదా అని. కానీ కామెంట్లలో "ఫీజెంత?" అని అడిగిన వాళ్ల పేర్లన్నీ అందరికీ కనబడతాయి. మీ లోగో పెట్టుకుని, మీ పేరులో ఒక్క అక్షరం మార్చి అకౌంట్ తెరిచినవాడు వాళ్లందరికీ మీకంటే ముందే మెసేజ్ పెడతాడు. అసలు ఫీజు ఎంతో బయట ఎక్కడా లేదు కాబట్టి, అతను చెప్పిందే ఫీజు. ఈరోజే కడితే సగానికే ఇస్తామంటాడు. ఫీజు కార్డు మీదే ఉంటే ఆ మాట దగ్గరే అనుమానం వస్తుంది.

ఫీజును పూర్తిగా, చివరి రూపాయి దాకా రాయండి. మన ఉదాహరణలో కోర్సు ఫీజు 24,000 రూపాయలు అనుకుందాం. కోచింగ్ మీద జీఎస్టీ 18 శాతం, అంటే 4,320. మొత్తం 28,320. పెద్ద అక్షరాల్లో 24,000 వేసి, అడుగున చీమంత అక్షరాల్లో "ప్లస్ జీఎస్టీ" పెట్టడం వద్దు. షరతుల అక్షరాలు కూడా అసలు మాట అంత సైజులోనే ఉండాలని పైన చెప్పిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. మీకు జీఎస్టీ నమోదే లేకపోతే జీఎస్టీ పేరుతో ఒక్క రూపాయి కూడా వసూలు చేయకూడదు. నమోదు ఉంటే జీఎస్టీ నంబరును కార్డు మీదే వేయండి. పదిహేను అక్షరాలుండే ఆ నంబరు తెలంగాణలో 36తో మొదలవుతుంది. జీఎస్టీ పోర్టల్‌లో దాన్ని కొడితే వ్యాపారం ఎవరి పేరున ఉందో ఎవరైనా చూసుకోవచ్చు.

అదే కార్డు మీద, వేరే కార్డు మీద కాదు, మధ్యలో మానేస్తే ఎంత తిరిగిస్తారో రాయండి. "నో రిఫండ్" అని వేయకండి. కేంద్ర విద్యాశాఖ 2024 జనవరిలో రాష్ట్రాలకు పంపిన మార్గదర్శకాల ప్రకారం, పూర్తి ఫీజు కట్టి మధ్యలో వెళ్లిపోయిన విద్యార్థికి మిగిలిన కాలానికి తగిన సొమ్మును పది రోజుల్లో తిరిగివ్వాలి. క్లాసుల సంఖ్య ఇక్కడే పనికొస్తుంది. 28,320ని 16తో భాగిస్తే క్లాసుకు 1,770 పడుతుంది. నాలుగు క్లాసులు విని, షిఫ్టు మారిందని మానేసిన ఉద్యోగికి మిగిలిన పన్నెండు క్లాసుల సొమ్ము 21,240 తిరిగి రావాలి. ఐటీ కారిడార్‌లో ప్రాజెక్టు మారడం, షిఫ్టు మారడం అపురూపమేమీ కాదు. ఈ లెక్క కార్డు మీద ఒక్క వాక్యంలో పడుతుంది. తర్వాత రిసెప్షన్ దగ్గర గొడవ పడే అవసరం ఉండదు.

ఇక "నెలకు 4,720 మాత్రమే" అన్న మాట దగ్గర నిజంగా జాగ్రత్త కావాలి. ఆరు నెలల నో కాస్ట్ ఈఎంఐ అంటే చాలామంది పిల్లలు సెంటర్‌కే వాయిదాల్లో కడుతున్నామని అనుకుంటారు. జరిగేది అది కాదు. ఒక ఫైనాన్స్ కంపెనీ ఫీజును సెంటర్‌కు ముందే ఇచ్చేస్తుంది. విద్యార్థి ఆ కంపెనీకి అప్పు పడతాడు. వాయిదాలు ఆటోమేటిగ్గా కట్ అయ్యేలా తన ఖాతా మీద అనుమతి ఇస్తాడు. క్లాసులు నచ్చక మానేసినా, చివరికి సెంటరే బోర్డు తిప్పేసినా అప్పు దానంతటది రద్దు కాదు. వాయిదా తప్పితే సిబిల్ స్కోరు పడిపోతుంది. తర్వాత ఎప్పుడో ఇంటి లోనుకు వెళ్లినప్పుడు అది అడ్డం పడుతుంది. కాబట్టి ఈఎంఐ చూపే కార్డు మీద "ఇది లోను" అని రాయండి, ఇచ్చే కంపెనీ పేరు రాయండి. అప్పు తీసుకునేవారికి వడ్డీ, ఛార్జీలు అన్నీ కలిపి చూపే కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నియమం. అది చదివాకే సంతకం చేయమని చెప్పండి. డెమో క్లాసు అయిన అయిదు నిమిషాలకే, పిల్లల చేతిలోంచి ఫోన్ తీసుకుని మీరే ఓటీపీలు కొట్టే అలవాటుంటే ఈరోజే మానేయండి.

చేరే విధానం కార్డు

ఈ కార్డు మీద చెల్లింపు క్యూఆర్ కోడ్ పెట్టకండి. నా దృష్టిలో మొత్తం ప్రకటనలో అతి ముఖ్యమైన "వద్దు" ఇదే. క్యూఆర్ లోపల ఉండేది ఇలాంటి ఒక చిన్న వరుస మాత్రమే:

```
upi://pay?pa=centre@bank&pn=Centre%20Name&am=28320&cu=INR
```

ఇందులో `pa` దగ్గర ఉన్న చిరునామాకే డబ్బు వెళుతుంది. `pn` దగ్గర ఉండే పేరును కోడ్ తయారుచేసినవాడు తనకు తోచినట్టు రాసుకోవచ్చు. మీ కార్డును డౌన్‌లోడ్ చేసి, ఆ నల్లచుక్కల చతురస్రం మీద ఇంకొకటి అతికించడం ఫోన్‌లో రెండు నిమిషాల పని. చూసేవాడి కంటికి రెండింటికీ తేడా తెలియదు. చెల్లింపును మీ సొంత వెబ్‌సైట్‌లోగానీ సెంటర్ కౌంటర్ దగ్గరగానీ మాత్రమే తీసుకోండి. కార్డు మీద ఇలా రాయండి: "ఫీజు మా ఖాతా పేరు మీదే కట్టాలి. యూపీఐ యాప్‌లో పిన్ కొట్టేముందు కనబడే ఖాతాదారు పేరు ఇదే అయి ఉండాలి." కింద ఆ పేరును అక్షరం పొల్లుపోకుండా ఇవ్వండి. ఖాతా వ్యక్తిగతం అయితే ముందు సెంటర్ పేరున కరెంట్ ఖాతా తెరవండి. ఎవరిదో వ్యక్తి పేరు కనబడినా పర్లేదులే అనే అలవాటు మీ విద్యార్థులకు మీరే చేయిస్తే, రేపు మోసగాడి పేరు కనబడినప్పుడు కూడా వాళ్లు ఆగరు.

చేరే మెట్లు ఈ వరుసలో ఉంటే మంచిది: డెమోకు రావడం, రిఫండ్ షరతులున్న కాగితం చదివి తీసుకోవడం, ఫీజు కట్టడం, అదే రోజు రసీదు తీసుకోవడం. డెమోకు ముందు "సీటు బ్లాకింగ్" పేరుతో డబ్బు అడగకండి.

గూగుల్ ఫారంలో పేరు, ఫోన్, ఏ బ్యాచ్ అన్నది చాలు. ఆధార్ కాపీ, పాన్, సెల్ఫీ అడగొద్దు. నేర్పడానికి అవి దేనికీ పనికిరావు, బయటికి పొక్కితే మాత్రం వాటితో లోన్లు పుడతాయి. ఫారం సెట్టింగ్స్‌లో `View results summary` ఆఫ్‌లో ఉందో లేదో కూడా చూసుకోండి. అది ఆన్‌లో ఉంటే నింపినవారికి మిగతావారి జవాబులు కనబడే ప్రమాదం ఉంది.

చేరినవారిని మామూలు వాట్సాప్ గ్రూపులో పడేస్తే ప్రతివారి నంబరూ అందరికీ కనబడుతుంది. ఆ గ్రూపులోకి లింకుతో వచ్చిన అపరిచితుడు, "సెంటర్ అడ్మిన్‌ని, రెండో వాయిదా ఈ నంబరుకు పంపండి" అని ఒక్కొక్కరికీ విడిగా రాయగలడు. గ్రూపు లింకును కార్డు మీద వేయకండి. వాట్సాప్ కమ్యూనిటీలోని అనౌన్స్‌మెంట్ గ్రూపు వాడితే సభ్యుల నంబర్లు ఒకరివి ఒకరికి కనబడవు.

ఉద్యోగం మాట

"100 శాతం ప్లేస్‌మెంట్", "జాబ్ గ్యారంటీ" రాయకండి. ఇలాంటి హామీలను పైన చెప్పిన మార్గదర్శకాలు నిషేధించాయి. ఉద్యోగం వచ్చిన పాత విద్యార్థి ఫొటో వేయాలంటే, ఉద్యోగం వచ్చిన తర్వాత అతను రాసిచ్చిన సమ్మతి ఉండాలి. చేరేరోజే సంతకం పెట్టించుకున్న కాగితం చెల్లదు. మాక్ ఇంటర్వ్యూలు ఎన్ని, రెజ్యూమె ఎవరు చూస్తారు అన్నది రాస్తే చాలు, అది మీరు నిలబెట్టుకోగల మాట.

బ్యాక్‌డోర్ అన్న పదం, ఎక్స్‌పీరియన్స్ లెటర్ అన్న పదం మీ కార్డుల దరిదాపుల్లో కూడా ఉండకూడదు. శిక్షణ, ఉద్యోగం కలిపి ఇస్తామని డబ్బు తీసుకుని బోర్డు తిప్పేసిన సంస్థల మీద మాదాపూర్‌లో పోలీసు కేసులు అయ్యాయి. దొంగ అనుభవంతో లోపలికి వెళ్లిన పిల్లవాడు పీఎఫ్ సర్వీస్ హిస్టరీ దగ్గరే దొరికిపోతాడు. అతను చెప్పిన మూడేళ్ల ఉద్యోగం ఆ రికార్డులో ఉండదు. కంపెనీ అతన్ని తీసేస్తుంది, సెంటర్‌ను ఎవరూ అడగరు.

పోస్టు చేశాక

మీ పేరుతో నకిలీ కార్డు తిరుగుతోందని తెలిస్తే, అసలు పోస్టును తొలగించకండి. తొలగిస్తే పోల్చుకోవడానికి నకిలీ ఒక్కటే మిగులుతుంది. అసలు దాన్ని ప్రొఫైల్ పైన పిన్ చేసి, క్యాప్షన్‌లో హెచ్చరిక చేర్చండి. డబ్బు పోగొట్టుకున్న విద్యార్థి మీ దగ్గరికి వస్తే "మాకు సంబంధం లేదు" అని పంపేయకండి. ముందు అతని చేత 1930కి ఫోన్ చేయించండి. డబ్బు ఇంకో ఖాతాకు మళ్లేలోపే ఫిర్యాదు చేరితే బ్యాంకు దాన్ని ఆపే అవకాశం ఉంది. ఆ తర్వాత లావాదేవీ నంబరుతో `cybercrime.gov.in`లో నమోదు చేయించండి. ఫీజు, రిఫండ్ తగాదాలకు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 వేరే ఉంది. ఈ రెండు నంబర్లనూ మీ చేరే విధానం కార్డు అడుగున వేయండి.

బ్యాచ్ నిండిన రోజున క్యాప్షన్ మొదటి వరుసలో "అడ్మిషన్లు ముగిశాయి" అని తేదీతో రాయండి. ఆ తర్వాత ఆ కార్డు చూపించి ఎవరు డబ్బు అడిగినా అది మీరు కాదని వెతికినవారికి వెంటనే తెలుస్తుంది.