వీసా తెరపై కనిపించే ఒక మాట

అల్లవరం నుండి ఒక విద్యార్థి జూన్ నెలలో హైదరాబాదులోని అమెరికా కాన్సులేటులో ఇంటర్వ్యూ ముగించుకొని వచ్చాడనుకొందాం. దరఖాస్తు స్థితిని తెలిపే తెరపై అతనికి Refused అన్న మాటా, administrative processing అన్న వివరణా కనిపించాయి. ఇది శాశ్వత తిరస్కారం కాదు. అమెరికా వలస చట్టంలోని 221(జి) సెక్షను ప్రకారం, అర్హత ఇంకను నిర్ధారణ కాలేదు కనుక వీసా ప్రస్తుతానికి నిరాకరించబడిందని దీని భావం.

పత్రాలు కొరవడినా, విచారణ మిగిలివున్నా ఇట్లే జరుగుతుంది. తనది ఏదో తెలుసుకోవడానికి తెరను గాక అధికారి ఇచ్చిన కాగితాన్ని చూడాలి. అందులో పత్రాలు అడిగివుంటే, చెప్పిన రీతిగా ఏడాదిలోగా సమర్పించాలి. ఆ గడువు దాటితే మరల రుసుము చెల్లించి కొత్తగా దరఖాస్తు చేసుకోవలసివస్తుంది. ఏమీ అడుగకపోతే వేచివుండవలసినదే. విచారణకు నిర్ణీత గడువు లేదు. Case Last Updated అన్నచోట తేదీ మారినంతమాత్రాన నిర్ణయం జరిగినట్లు కాదు; Issued అన్న మాట కనిపించాలి.

ఈలోగా చూడవలసినది ఐ-20 పత్రంలోని చదువు ప్రారంభ తేదీ. అది ఆగస్టులో అయితే, జూలైలోనే విశ్వవిద్యాలయంలోని విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారికి వ్రాసి, ఎంత ఆలస్యంగా చేరవచ్చునో, తరువాతి టర్ముకు ప్రవేశం మార్చవచ్చునో అడగాలి. మార్చినచో కొత్త ఐ-20 వచ్చిన సంగతి కాన్సులేటుకు తెలియజేయాలి. అంతవరకు సొమ్ము వాపసు రాని విమాన టిక్కెట్టు కొనరాదు. విచారణను త్వరగా ముగింపజేస్తామనే దళారులకు పైకం ఇవ్వరాదు; ఆ పని వారి చేతిలో లేదు.