ఆటో సబ్‌టైటిల్స్ దిద్దే పని: గల్ఫ్ తెలుగు వీడియోలతో మొదలుపెట్టండి

బహ్రెయిన్‌కు కొత్తగా వచ్చే కార్మికులకు జాగ్రత్తలు చెప్పే తెలుగు వీడియో ఒకటి దిద్దడానికి మీ చేతికి వచ్చిందనుకుందాం. సాఫ్ట్‌వేర్ విని రాసిన ఫైలులో ఇలా ఉంది:

```
14
00:01:22,400 --> 00:01:26,100
మన మాలో దిగాక సిపి ఆర్ తీసుకోండి
పాస్పోర్టు ఎవరికి ఇవ్వొచ్చు
```

మాట్లాడిన మనిషి అన్నది ఇదీ: ‘మనామాలో దిగాక సీపీఆర్ తీసుకోండి. పాస్‌పోర్టు ఎవరికీ ఇవ్వొద్దు.’ ‘ఒద్దు’ కాస్తా ‘ఒచ్చు’ అయి జాగ్రత్త తలకిందులైంది. రెండూ తప్పులేని తెలుగు మాటలే కాబట్టి స్పెల్ చెక్ పట్టుకోదు. ప్రశ్న కాని చోట ‘ఎవరికి’ కనిపించడమే ఇక్కడి ఆనవాలు. అందుకే ‘వద్దు, వచ్చు, లేదు, కాదు, కూడదు’ ఉన్న వాక్యాలన్నీ ముందుగా ఆడియోతో కలిపి వినండి. నా లెక్కలో ఈ పనిలో మొదటి మెట్టు ఇదే.

తర్వాత పదాల కలయిక. ‘పనికి రాని రోజుకు జీతం కోస్తారు’ అన్నది ‘పనికిరాని రోజుకు’ అని పడితే పనిలోకి రాని రోజు కాస్తా పనికిమాలిన రోజవుతుంది. పదాలను ఎక్కడ విడదీయాలో వ్యాకరణం ఒక్కటే చెప్పదు. మాట్లాడిన మనిషి ఉద్దేశం ఏమిటో కూడా చూడాలి.

పేర్లకు వీడియో మొదలుపెట్టకముందే ఒక పట్టిక రాసుకోండి: మనామా, ముహర్రక్, సిత్రా, గుర్తింపు కార్డు సీపీఆర్, వర్క్ పర్మిట్లు ఇచ్చే ఎల్‌ఎంఆర్‌ఏ. సిత్రాను సాఫ్ట్‌వేర్ ‘చిత్ర’ అని రాసిందని ఒక్క దెబ్బలో అన్నిచోట్లా మార్చేస్తే, అసలైన ‘చిత్రం’ కూడా ‘సిత్రాం’ అయిపోతుంది. ఒక్కొక్కటీ చూసి మార్చండి.

ఇంగ్లిష్ మాటలను జనం పలికినట్టే తెలుగు లిపిలో ఉంచాలి. వర్క్ పర్మిట్‌ను ‘పని అనుమతి పత్రం’ చేయడం దిద్దుబాటు కాదు, మాట్లాడినవారి మాట మార్చడం. ‘పాస్‌పోర్టు’లో స్ కింద పో చేరకుండా ఆపేది కంటికి కనిపించని అక్షరం, U+200C. ‘ఎల్‌ఎంఆర్‌ఏ’లో అది ఉన్నా లేకున్నా చూపుకు ఒకటే, కంప్యూటర్ వెతుకులాటకు మాత్రం రెండు వేర్వేరు మాటలు కావచ్చు. అందుకే రెండు రకాలుగానూ వెతకాలి.

సాధనకు ఉచితంగా దొరికే Subtitle Edit చాలు. ఫైలును UTF-8లోనే సేవ్ చేయండి, లేకపోతే తెలుగు ప్రశ్నార్థకాలుగా మారవచ్చు. రేటు మాట్లాడేముందు ఆడియో కాస్త వినండి. గాలి హోరులో ఫోన్‌తో తీసినదైతే దిద్దడం కన్నా మొత్తం మళ్లీ టైపు చేయడమే త్వరగా తెములుతుంది, దానికి రేటూ వేరు. బహ్రెయిన్‌లో ఉద్యోగం చేస్తూ పక్కన ఈ పని చేయాలనుకునేవారు తమ పర్మిట్ అందుకు ఒప్పుకుంటుందో లేదో ముందే ఎల్‌ఎంఆర్‌ఏలో కనుక్కోవాలి.

పని అడిగేటప్పుడు సర్టిఫికెట్‌తో సరిపెట్టకుండా, ఒకే వీడియోకు సాఫ్ట్‌వేర్ ఇచ్చిన ఫైలు, మీరు దిద్దిన ఫైలు, పేర్ల పట్టిక మూడూ కలిపి పంపండి.